మేజర్ రివిజన్ వచ్చిందంటే ఎడిటర్ తలుపు మూయలేదు

ప్రశ్న: మా బిడ్డ హన్మకొండలో పీహెచ్‌డీ చేస్తోంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద రాసిన పేపర్‌ను జర్నల్‌వాళ్లు 'మేజర్ రివిజన్' అని తిప్పి పంపారు. పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్లకు కోపంగా జవాబులు రాసుకుంది, అట్ల పంపొద్దని గైడ్ అన్నారట. డబ్బులు తీసుకుని రాసిచ్చే ఏజెన్సీకి ఇవ్వాలా, తనే రాయాలా? లేదంటే ఇదంతా మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామా? తను రాసుకున్న కాగితాలు జత చేస్తున్నా.
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు:

ముందు మీ టెన్షన్ తగ్గాలి. పేపర్ వద్దనుకుంటే ఎడిటర్ రిజెక్ట్ అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారు. మేజర్ రివిజన్ అన్నారంటే, అడిగినవాటికి సరైన జవాబు వస్తే మళ్లీ చూస్తామని అర్థం. అచ్చవుతుందన్న హామీ అందులో లేదు, కానీ దారి మాత్రం ఉంది. ఇంకోటి, 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ అచ్చు కావాల్సిందే అన్న షరతు లేదు. యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు కాబట్టి ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అడగమనండి. ఈ ఒక్క పేపర్‌తో చదువు ఆగిపోతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి.

మీ బిడ్డ కాగితాలు చదివాను. కోపం ఉంది, నిజమే. ఆ కోపం వెనుక ప్రతిచోటా ఒక సమాచారం కూడా ఉంది. మర్యాదగా తిరగరాయడమంటే ఆ సమాచారాన్ని బయటికి తీసి ఎడిటర్‌కు పనికొచ్చేలా పెట్టడమే. ప్రతి వాక్యం ముందు ధన్యవాదాలు తగిలిస్తే ఆ పని జరగదు.

మొదటి రివ్యూయర్ మూడో ప్రశ్న చూడండి. నమూనాలు ఒక్క సీజన్‌లోనే తీసి, ప్రజల ఆరోగ్యానికి ప్రమాదమని ఎలా తేల్చారని అడిగారు. మీ బిడ్డ రాసుకున్నది: "మా దగ్గర అంతే డబ్బుంది. బస్సుల్లో తిరిగి ఊరూరా నీళ్లు పట్టుకొచ్చాం. అందరి పేపర్లలో రెండు సీజన్లు ఉంటాయా?"

డబ్బు లేదన్నది నిజమే. కానీ ఎడిటర్‌కు కావాల్సింది కారణం కాదు, దాని ఫలితం. ఒక్క సీజన్ నమూనాలతో ఎంతవరకు చెప్పగలం, ఎక్కడ ఆగాలి అన్నది ఆయనకు తెలియాలి. జవాబు ఇంగ్లీషులో రాయాలనుకోండి, భావం ఇలా ఉండాలి:

"వానలకు ముందు, తరువాత ఫ్లోరైడ్ స్థాయి మారవచ్చన్న సూచనతో ఏకీభవిస్తున్నాం. మా నమూనాలు వర్షాకాలం అయ్యాక నవంబర్‌లో ఒకసారి తీసినవే. అందుకే శీర్షికలో, సారాంశంలో ఆ సంగతి చేర్చాం. ఆరోగ్య ప్రమాదం గురించిన ముగింపును ఆ సీజన్‌కే పరిమితం చేశాం. వేసవి నమూనాలు లేకపోవడాన్ని పరిమితుల పేరాలో చెప్పాం (పేజీ 14, లైన్లు 310–318)."

ఇందులో బస్సుల మాట లేదు, బతిమాలడమూ లేదు. రివ్యూయర్ చెప్పినదాంట్లో ఏది ఒప్పుకున్నాం, ఏం మార్చాం, ఎక్కడ మార్చాం అనే మూడూ ఉన్నాయి. ఎడిటర్ ఆ పేజీ తెరిస్తే మార్పు కనిపించాలి. పేజీ, లైన్ నంబర్లు సవరించిన ప్రతివే ఇవ్వాలి. పాత ప్రతి నంబర్లు ఇచ్చేస్తే ఎడిటర్‌కు అక్కడ ఏమీ దొరకదు, చేసిన పని కూడా చేయనట్టే అనిపిస్తుంది.

రెండో రివ్యూయర్‌ది ఇంకో రకం. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ను ఎలా క్యాలిబ్రేట్ చేశారో, అంటే దాని కొలత సరిచూసుకున్నారో రాయలేదన్నారు. మీ బిడ్డ జవాబు: "పేజీ 5లో ఉంది, చదవకుండానే అడుగుతున్నారు." చూశాను, ఉన్నమాట నిజమే, కానీ పెద్ద పేరా మధ్యలో అర వాక్యంగా ఉంది. శ్రద్ధగా చదివే మనిషి కంటికి ఆనలేదంటే, రేపు చదివేవాళ్లకూ ఆనదు. అక్కడ 'ఈ వివరం స్పష్టంగా లేకపోయింది, విడి పేరాగా రాశాం' అని మొదలుపెట్టి, ఏ గాఢతల స్టాండర్డ్ ద్రావణాలు వాడారో, టీఐఎస్ఏబీ బఫర్ ఎంత కలిపారో పేపర్‌లోనే రాయాలి. నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచితే ఎలక్ట్రోడ్ తక్కువ చూపిస్తుంది, ఆ బఫర్ దాన్ని విడిపిస్తుంది. రివ్యూయర్ అడిగింది చాదస్తం కాదు, మీ బిడ్డ కొలతలను నమ్మొచ్చా అని.

ఒకచోట మాత్రం తనదే న్యాయం. ఫ్లోరైడ్‌కు డబ్ల్యూహెచ్‌ఓ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఒక్కటే ఉంచి, 1.0 అన్నది తీసేయమని రివ్యూయర్ అన్నారు. ఇక్కడ తలూపాల్సిన పని లేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 1.0 ఆమోదయోగ్యమైన హద్దు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. ఆ మాట చెప్పి, "అందుకే రెండు హద్దులూ ఉంచాం, 1.5 దాటిన బోర్లు ఎన్నో టేబుల్ 3లో విడిగా చూపాం" అని రాస్తే చాలు. కాదనడం మర్యాద తప్పడం కాదు. ఆధారం చూపకుండా కాదంటేనే ఎడిటర్‌కు చిరాకు. తన కాగితంలో ఉన్న "ఇండియా రూల్ తెలియదా" అన్న మాట మాత్రం కొట్టేయమనండి.

ఇక ఏజెన్సీ సంగతి. సార్, కాస్త గట్టిగానే చెప్తున్నా, మీరు ఏజెన్సీ గురించి ఆలోచించే ముందు బిడ్డ రాసింది ఒకసారి కూర్చుని విని ఉండాల్సింది. నవంబర్‌లోనే నమూనాలు ఎందుకు తీసిందో బయటివాళ్లకు తెలియదు. తెలియనివాళ్లు "సూచన ప్రకారం సవరించాం" అని అన్ని ప్రశ్నలకూ ఒకే వాక్యం రాస్తారు, పేపర్‌లో ఆ సవరణ ఉండదు. రివ్యూయర్ రెండోసారి చదివినప్పుడు అది దొరికిపోతుంది, అప్పుడు జవాబుదారీ మీ బిడ్డది, గైడ్‌ది. ఇంగ్లీషు దిద్దించుకోవడం వేరు, అందులో తప్పు లేదు. జవాబు మాత్రం తనే ఆలోచించాలి.

డేటా సైన్స్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పీహెచ్‌డీ మధ్యలో ఆపి అమీర్‌పేట్‌లో గదులు తీసుకుని ఆ కోర్సుల్లో చేరినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామందికి సాఫ్ట్‌వేర్ల పేర్లు వచ్చాయి. ఇంటర్వ్యూలో 'మీరు సొంతంగా తెచ్చిన డేటా ఏది, అందులో ఏ తప్పు కనిపెట్టారు' అంటే జవాబు రాలేదు. ఆ జవాబు మీ బిడ్డ దగ్గర ఇప్పటికే ఉంది. తనకు నిజంగా ఇష్టమైతే స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ పక్కన నేర్చుకోవచ్చు, దానికి చదువు మాన్పించక్కర్లేదు. పక్కింటి అబ్బాయి జీతం విని బిడ్డ దారి మార్చేయడం మంచిది కాదు. అది మీ కంగారే, తన నిర్ణయం కాదు.

ఈ వారం తను చేయాల్సింది ఇది. ఎడిటర్ లేఖలోని ప్రతి వ్యాఖ్యనూ మార్చకుండా ఒక ఫైల్‌లో అతికించి నంబర్ వేయాలి. ఒక వ్యాఖ్యలో రెండు ప్రశ్నలుంటే విడదీయాలి, లేకపోతే రెండోది మరిచిపోతారు. కోపంగా రాసుకున్నవాటిని దాని కింద పెట్టుకుని ఒక్కొక్కటే తిరగరాయాలి. పైన ఎడిటర్‌కు ఒక్కసారి ధన్యవాదాలు చాలు. ఇద్దరు రివ్యూయర్లు ఒకదానికొకటి విరుద్ధంగా అడిగినచోట ఏది తీసుకున్నారో, ఎందుకో దాచకుండా రాయాలి. చివరికి జవాబులో 'చేశాం' అన్న ప్రతి మాటకూ పేపర్‌లో చోటు వెతికి టిక్ పెట్టాలి, టిక్ పడనిది పంపకూడదు.

గడువు సరిపోకపోతే అది దాటకముందే ఎడిటర్‌కు రెండు వాక్యాల మెయిల్ పెట్టి, ఎన్ని రోజులు కావాలో తేదీతో సహా అడగమనండి. గైడ్‌ను, మిగతా రచయితలను కాపీలో పెట్టమనండి.