సంతకం పడని లీజు: ఏది ఆగింది, ఏది ఆగలేదు

ప్రశ్న: కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో బేకరీ కోసం షాపు మాట్లాడుకున్నాను. ఐదేళ్ల లీజు, నెలకు 25,000 అద్దె. బంగారం కుదువపెట్టి, రూపాయి వడ్డీకి తెచ్చిన 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చి తాళాలు తీసుకున్నాను. రెండు నెలలుగా అద్దె కూడా కడుతున్నాను. షాపు యజమానికీ, కువైట్‌లో ఉన్న ఆయన తమ్ముడికీ ఉమ్మడి ఆస్తి. లీజు కాగితం సంతకం కోసం ఇచ్చి రెండు నెలలైంది. అడిగినప్పుడల్లా ‘వచ్చే వారం చూద్దాంలే తమ్ముడూ’ అంటున్నారు. రిజిస్టరైన లీజు ఇస్తే తప్ప 12 లక్షల లోను వదలబోమని బ్యాంకు అంటోంది. ఆ మంజూరు గడువు 45 రోజుల్లో ముగుస్తుంది. పెద్దమనిషి, గట్టిగా అడగలేకపోతున్నాను. ఈలోపు లోపలి పనులు మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దు. ఒక్క మేకు కూడా కొట్టించకండి.

ఏడాదికి మించిన లీజు రిజిస్టరైతేనే చెల్లుతుంది. మీ చేతిలో తాళాలున్నా, అద్దె కడుతున్నా, ఈ రోజుకు మీరు నెలవారీ అద్దెదారు మాత్రమే. పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయమనవచ్చు. ఐదేళ్లు అనుకున్న మాట మాటగానే ఉంది. ఆ ధైర్యంతో సీలింగుకూ, టైల్సుకూ పెట్టిన డబ్బు మీరు వెళ్లేటప్పుడు మీ వెంట రాదు.

ఇక అసలు చిక్కు. మీరు రెండు నెలలుగా అన్నగారి వెంట పడుతున్నారు. నాకు మాత్రం సంతకం ఆగింది కువైట్‌లోనేమో అనిపిస్తోంది. ఉమ్మడి ఆస్తికి ఇద్దరూ సంతకం చేయాలి. తమ్ముడు సెలవుపై రావాలి, లేదా అన్నగారికి పవరాఫ్ అటార్నీ పంపాలి. ఆ పత్రంపై ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం చేసి ధ్రువీకరణ పొందాలి. అది కొరియర్లో ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించుకోవాలి. ఆ పని మొదలే కాకపోతే ఎన్ని వచ్చే వారాలు గడిచినా లీజు కదలదు. అందుకే ఇకపై ‘ఎప్పుడు సంతకం చేస్తారు?’ అని అడగకండి. ‘తమ్ముడిగారి పవరాఫ్ అటార్నీ ఎంతవరకు వచ్చింది?’ అని అడగండి. దానికి ఏదో ఒక స్థితి చెప్పక తప్పదు.

‘నేనొక్కడినే సంతకం పెట్టేస్తాలే’ అని ఆయన అనవచ్చు. ఒప్పుకోకండి. ఆయన తన వాటా వరకే ఇవ్వగలరు. రేపు తమ్ముడు కాదంటే మీరు ఇరుక్కుంటారు, అంతకంటే ముందే బ్యాంకు లాయరు ఆ కాగితం వెనక్కి పంపుతారు.

గట్టిగా అడగడమంటే గొంతు పెంచడం అని మీరు అనుకుంటున్నట్టుంది. ఏది ఆగిందో రాసి ఇస్తే చాలు. అయితే నిజంగా ఆగినవే రాయండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా ఆగిపోయిందని రాస్తే ఆయన ఆడిటరే నవ్వుతారు, ఎందుకంటే అద్దె ఒప్పందం లేనప్పుడు అఫిడవిట్టు, షాపు మీ స్వాధీనంలో ఉందని చూపే కరెంటు బిల్లులాంటి పత్రం పెట్టి దరఖాస్తు చేసే వీలుంది. ఒక్క మాట అబద్ధమని తేలితే మిగతావాటికీ విలువ ఉండదు. ఓవెన్‌కు త్రీఫేజ్ కనెక్షన్ సంగతి ఇంకోలా ఉంది. మీటరు అన్నగారి పేరున ఉంటే ఆ దరఖాస్తుకు ఆయన సంతకం చాలు, లీజు కోసం ఆగనక్కర్లేదు. అది వేరే కాగితంగా ఈ వారమే తీసుకోండి. చిన్న సంతకం పెట్టినవారు పెద్ద సంతకానికి కాస్త దగ్గరవుతారన్నది నా అనుభవం.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“అన్నగారికి నమస్కారం. షాపు లీజుపై మీ సంతకం, మీ తమ్ముడిగారి సంతకం కావాలి. అవి పడి రిజిస్ట్రేషన్ పూర్తయ్యేవరకు బ్యాంకు నాకు 12 లక్షలు ఇవ్వదు. ఆ మంజూరు ఫలానా తేదీతో ముగుస్తుంది. డబ్బు రానిదే ఓవెన్‌కు ఆర్డరు ఇవ్వలేను, లోపలి పనులు మొదలుపెట్టలేను. షాపు తెరవకుండానే నెలకు 25,000 అద్దె, అడ్వాన్సు కోసం తెచ్చిన అప్పుకు 2,000 వడ్డీ కడుతున్నాను. తమ్ముడిగారి పవరాఫ్ అటార్నీ ఎంతవరకు వచ్చిందో ఫలానా తేదీలోగా తెలియజేయండి. కాగితంలో ఏదైనా షరతు నచ్చకపోతే దాని కింద గీత గీసి పంపండి, మాట్లాడుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు నేనే పెట్టుకుంటాను. లీజు రిజిస్టరయ్యే రోజు నుంచే అద్దె లెక్కించి, ఇప్పటివరకు కట్టినది రాబోయే నెలలకు సర్దమని కోరుతున్నాను.”

ఖర్చుల మాట ఊరికే పెట్టలేదు. వేరుగా రాసుకోకపోతే లీజు స్టాంపు ఖర్చు చట్టప్రకారం అద్దెకు తీసుకునేవారిదే. చాలామంది యజమానులకు ఇది తెలియదు, ఆ ఖర్చు తమ నెత్తిన పడుతుందేమోనని సాగదీస్తుంటారు. అద్దె సర్దుబాటుకు ఆయన ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగండి. రెండు నెలల్లో మీకు 54,000 పోయింది, ఆయనకు మాత్రం ఆలస్యం వల్ల ఏ నష్టమూ లేదు, పైగా అద్దె అందుతూనే ఉంది. ఇక తొందర ఎందుకుంటుంది? అలాగని మీ అంతట మీరు అద్దె ఆపేయకండి. అప్పుడు తప్పు మీదవుతుంది.

ఉత్తరాన్ని ముందు వాట్సాప్‌లో పంపి, అదే రోజు స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. మూడు రోజులకు ఒకసారి ఫోను చేసి, పవరాఫ్ అటార్నీ గురించిన ఆ ఒక్క ప్రశ్నే అడగండి. ఫోనులో ఏం చెప్పినా ‘మీరు ఇలా అన్నారు అన్నా’ అని రెండు వరుసలు తిరిగి వాట్సాప్‌లో పెట్టండి. జవాబుకు గడువుగా పది రోజులు ఇవ్వండి, అంతకు మించి వద్దు.

అదే ఉత్తరం నకలు తీసుకుని ఈ వారమే మీ బ్రాంచికి వెళ్లి, మంజూరు గడువు పొడిగించమని రాతపూర్వకంగా కోరండి. కువైట్ నుంచి పత్రం వచ్చి, స్టాంపు పడి, లీజు రిజిస్టరు కావడానికి 45 రోజులు చాలకపోవచ్చు. గడువు దాటాక అడిగితే మొదటినుంచి దరఖాస్తు చేయమనవచ్చు. ముందే అడిగినప్పుడు, ఎందుకు ఆలస్యమో చూపించే కాగితం మీ చేతిలో ఉంటుంది. ఓవెన్ అమ్మేవారికి అడ్వాన్సు మాత్రం లీజు రిజిస్టరయ్యేవరకు ఇవ్వకండి.

పది రోజులకూ జవాబు లేకపోతే ఇంట్లోవాళ్లతో కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి: ఈ షాపును వదులుకోగలరా? వదులుకోలేకపోతే గడువు బెదిరింపు రాయకండి, ఆయన పట్టించుకోరు. వదులుకోగలిగితే రెండో ఉత్తరంలో తాళాలు అప్పగించే తేదీ రాయండి, అడ్వాన్సు ఏ ఖాతా నుంచి వెళ్లిందో ఆ ఖాతాకే తిరిగి పంపమనండి. ఆ రోజు తాళాలు ఇచ్చి, ‘షాపు ఖాళీగా అప్పగించారు’ అని తేదీతో ఆయన చేత రాయించుకోండి. ఆ రసీదు లేకపోతే మరుసటి నెల అద్దె కూడా మీ లెక్కలోనే పడుతుంది.