స్టాంపులో మసిముద్ద అయిన లోగో

"సర్, బీకాం సెకండియర్ చదువుతున్నా, కోరల్‌డ్రా వచ్చు. మా మావయ్య ఎరువుల కొట్టుకి లోగో చేశా, గుండ్రంలో ఆకుపచ్చ గ్రేడియెంట్‌తో వరి కంకి, చుట్టూ శ్రీలక్ష్మీ అని పేరు. ఫోన్‌లో బావుంది గానీ రబ్బరు స్టాంపు చేయిస్తే మసిముద్దలా పడింది. నాకు ఈ లైన్ పనికిరాదా?"

పనికొస్తుందమ్మా, నువ్వు స్క్రీన్ చూసి గీశావు, స్టాంపు కొలత చూసి గీయలేదు, అంతే. లెక్క చూడు. స్టాంపులో లోగోకి మహా అయితే 15 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. నువ్వు 150 మిల్లీమీటర్ల సైజులో గీశావనుకో, అంటే పదో వంతుకి తగ్గుతుంది, కంకి గింజల మధ్య 2 మిల్లీమీటర్లు వదిలిన సందు 0.2 అయిపోతుంది. రబ్బరు కాగితం మీద నొక్కినప్పుడు సిరా పక్కలకి పాకుతుంది కదా, ఆ సందు పూడిపోతుంది, గింజలన్నీ కలిసి ఒకటే మరక. నేను చెప్పే కొలత ఏంటంటే, స్టాంపు సైజులో గీత 0.3 కంటే సన్నగా ఉండకూడదు, సందు 0.4 కంటే తగ్గకూడదు. అంటే నీ పెద్ద బొమ్మలో గీత 3, సందు 4 మిల్లీమీటర్లు. అలా గీస్తే ఇరవై గింజలు పట్టవు, ఐదో ఆరో పడతాయి, అయినా అది కంకే అని తెలుస్తుంది.

అసలు చిక్కు పేరుతోనే. ఇంగ్లిష్ అక్షరాలకి లేని ఇబ్బంది మనకుంది, ఒత్తులు. లక్ష్మీలో క కింద ష, దాని కింద మ, మొత్తం 3 మిల్లీమీటర్ల ఎత్తులో ఇరికిస్తే ఆ చిన్న సున్నాలన్నీ సిరాతో నిండిపోతాయి. అందుకే పేరుని గుండ్రంలోంచి తీసెయ్, లోపల కంకి ఒక్కటే ఉంచు, పేరు పక్కన విడిగా పెద్దగా వెయ్యి. బిల్లు మీద కూడా అదే, మామూలు థర్మల్ ప్రింటర్ మిల్లీమీటరుకి 8 చుక్కలే వేస్తుంది, అదీ నలుపే, నీ గ్రేడియెంట్ ఆకుపచ్చ అక్కడ చుక్కలు చుక్కలుగా చెదిరిపోతుంది.

ఇంకోటి, కోరల్‌డ్రాలో Scale with object టిక్ పెట్టకపోతే బొమ్మ చిన్నదైనా గీత మందం తగ్గదు, మొత్తం బండగా అయిపోతుంది. స్టాంపు షాపుకి ఇచ్చేముందు అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి Ctrl+Q కొట్టు, అక్షరాలు ఫాంట్ అక్కర్లేని బొమ్మగా మారతాయి, లేకపోతే వాళ్ల దగ్గర నీ తెలుగు ఫాంట్ లేనప్పుడు పేరు పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది.

డబ్బు పెట్టేముందు లోగోని 15 మిల్లీమీటర్లకి తగ్గించి, నలుపులో, ప్రింట్ సెట్టింగ్‌లో 100 శాతం పెట్టి తియ్యి, దాన్ని జిరాక్స్ తీయించి ఆ జిరాక్స్‌ని మళ్లీ జిరాక్స్ తీయించు. రెండోదాంట్లో గింజలు విడివిడిగా కనిపిస్తే స్టాంపుకి ఇవ్వు. స్టాంపొచ్చాక ప్యాడ్‌కి కొత్త సిరా వేసిన రోజున పది ముద్రలు కొట్టి చూడు, పూడిపోతే ఆరోజే పూడుతుంది. ఆ కాగితాన్ని, పాత మసిముద్దనీ పక్కపక్కన ఫోటో తీసి పోర్ట్‌ఫోలియోలో పెట్టు, ఏ ప్రింటింగ్ ప్రెస్‌కి పనికోసం వెళ్లినా ముందు అదే చూపించు.