తరగతుల పట్టికకు MEDIAN ఎందుకు పనికిరాదు?

ప్రశ్న: 40 మంది మార్కులు తరగతుల వారీగా ఎక్సెల్‌లో ఎక్కించాను. 0-10లో 4, 10-20లో 6, 20-30లో 14, 30-40లో 10, 40-50లో 6 మంది. AVERAGE 8 ఇచ్చింది, MEDIAN, MODE రెండూ 6 ఇచ్చాయి. పైగా 10-20 అని కొడితే అక్టోబరు తేదీ అయిపోతోంది. తప్పెక్కడుంది?

జవాబు: ఆ మూడు ఫంక్షన్లు చూసింది మార్కుల్ని కాదు, మనుషుల లెక్కని. 4, 6, 14, 10, 6 అనే అయిదు అంకెలకు సగటు 8, మధ్యగతం 6, రెండుసార్లు వచ్చింది 6. ఎక్సెల్ తన పని సరిగ్గానే చేసింది. పక్కనున్న తరగతికీ ఈ అంకెకూ సంబంధం ఉందని దానికి తెలియదు, ఆ సంబంధాన్ని మనమే ఫార్ములాలో రాయాలి.

ముందు తేదీ గొడవ. తరగతిని ఒకే సెల్‌లో రాయకండి. దిగువ హద్దు A కాలమ్‌లో, ఎగువ హద్దు B కాలమ్‌లో, పౌనఃపున్యం Cలో వేయండి. మొదటి వరుస శీర్షికలకు వదిలితే మన అయిదు తరగతులు 2 నుంచి 6 వరకు వస్తాయి. ఇప్పుడు Dలో తరగతి మధ్య విలువ, Eలో సంచిత పౌనఃపున్యం కావాలి. ఈ రెండూ రెండో వరుసలో కొట్టి కిందికి లాగండి.

```
D2: =(A2+B2)/2
E2: =SUM(C$2:C2)
```

Eలో 4, 10, 24, 34, 40 కనిపిస్తే పట్టిక సరిగ్గా ఉన్నట్టే. సగటుకు ఒక్క లైను చాలు:

```
=SUMPRODUCT(C2:C6,D2:D6)/SUM(C2:C6)
```

1080ని 40తో భాగిస్తే 27 వస్తుంది.

మధ్యగతానికి కాస్త నిదానం కావాలి. 40లో సగం 20. E కాలమ్‌లో పైనుంచి దిగుతూ వస్తే 20ని మొదట అందుకునేది 24, అంటే 20-30 తరగతి, నాలుగో వరుస. అంతకు ముందే 10 మంది అయిపోయారు కాబట్టి ఈ తరగతిలోని 14 మందిలో ఇంకా 10 మందిని దాటాలి. ఆ 14 మందీ 20 నుంచి 30 దాకా సమానంగా పరుచుకున్నారనుకుని లెక్క కడతాం.

```
=A4+(SUM(C2:C6)/2-E3)/C4*(B4-A4)
```

జవాబు 27.14. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, E3 బదులు E4 పెట్టడం. అప్పుడు 17.14 వస్తుంది. మధ్యగతం తన తరగతి దాటి బయటికి పోకూడదు కాబట్టి, 20-30లో లేని జవాబు కనిపించగానే ముందు ఆ సెల్‌నే చూడండి.

బాహుళకానికి అత్యధిక పౌనఃపున్యం ఉన్న తరగతి కావాలి. మన పట్టికలో అదీ నాలుగో వరుసే, కానీ ప్రతిసారీ రెండూ ఒకే తరగతి కానక్కర్లేదు.

```
=A4+(C4-C3)/(2*C4-C3-C5)*(B4-A4)
```

26.67 వస్తుంది. హారం చుట్టూ బ్రాకెట్లు మరిచిపోతే మైనస్ 30 వస్తుంది, కొట్టి చూడండి. ఇంకొకటి, అత్యధిక పౌనఃపున్యం మొదటి తరగతిలోనే, అంటే రెండో వరుసలోనే ఉంటే పైన ఉన్నది శీర్షిక, అందుకని #VALUE! అంటుంది. ఫార్ములాలో ఆ సెల్ బదులు 0 వేయాలి. చివరి వరుసలో ఉంటే కింద ఖాళీ సెల్‌ని ఎక్సెల్ సున్నాగానే తీసుకుంటుంది. కానీ C7లో మొత్తం 40 రాసిపెట్టుకుని ఉంటే అది పౌనఃపున్యంలా లెక్కలోకి దూరిపోతుంది, తప్పు జవాబు చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. మొత్తాన్ని ఎక్కడో దూరంగా రాసుకోండి.

మీ తర్వాతి పట్టికలో తరగతులు 11-20, 21-30 అని ఉంటే అలాగే ఎక్కించకండి. 20కీ 21కీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి 10.5, 20.5, 30.5 అని హద్దులు సరిచేయాలి. చిక్కేమిటంటే, సరిచేయకపోయినా మధ్య విలువ 15.5 మారదు, సగటు కరెక్టుగానే వస్తుంది. సగటు సరిపోయిందని మనం నిశ్చింతగా ఉంటాం, తప్పేది మాత్రం మిగతా రెండూ. ఇవే పౌనఃపున్యాలు 1-10, 11-20 తరహా తరగతుల్లో ఉంటే అసలు మధ్యగతం 27.64. హద్దులు సరిచేయకపోతే 27.43 వస్తుంది. తేడా చిన్నది కాబట్టి కంటికి ఆనదు.

ఈ మూడూ అంచనాలే. ఎవరికెన్ని మార్కులో విడివిడిగా రాసిన కాగితం మీ దగ్గర ఉంటే ఈ ఫార్ములాలతో పనిలేదు. ఆ 40 మార్కుల్నీ ఒక కాలమ్‌లో ఎక్కించి AVERAGE, MEDIAN, MODE వాడండి. అప్పుడు అవి ఇచ్చేవే అసలు జవాబులు.