కూరగాయలామె గడప దగ్గరికి రావాలి

చెన్నై, మాంబళం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఓ. హెన్రీ రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ కథను తెలుగు నాటికగా మలుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. భార్య తన జుట్టు అమ్మి భర్త జేబుగడియారానికి గొలుసు కొంటే, భర్త ఆ గడియారమే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొనే కథ కదా అది. విన్న దగ్గరనుంచి సంతోషంతోపాటు ఒక భయం కూడా పట్టుకుంది. అనుమతి గురించి నీకు చింత అక్కర్లేదు. రచయిత 1910లోనే పోయారు కనుక హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. క్రిస్మస్‌ను దీపావళిగానూ, దువ్వెనలను వెండి జడకుప్పెలుగానూ మార్చి, కథను పాత మద్రాసులో పెట్టడం నాకు నచ్చింది. జుట్టు లేనప్పుడు జడకుప్పెలు ఎందుకూ పనికిరావని మన ప్రేక్షకులకు వేరే చెప్పనక్కర్లేదు.

నా భయం మొదటి పేజీ గురించే. నలభై ఏళ్ల కిందట నేను ఇదే కథను ఇక్కడి తెలుగువాళ్ల కోసం నాటికగా రాశాను. మూలకథ ఒక డాలరు ఎనభైయేడు సెంట్లతో మొదలవుతుంది. డెల్లా ఆ డబ్బును మూడుసార్లు లెక్కపెడుతుంది. భర్త జీతం వారానికి ముప్పై డాలర్లనుంచి ఇరవైకి పడిపోయిన సంగతి, ఇంటద్దె సంగతి కథకుడు మనకు చెబుతాడు. నేను ఆ మాటలన్నీ కథానాయిక నోట స్వగతంగా పెట్టాను. ఆమె బల్ల ముందు కూర్చుని, చిల్లర లెక్కపెడుతూ, ఐదు నిమిషాలు తనలో తాను మాట్లాడుకుంది. నాలుగో వరుస దాటితే నాణేలు ఎవరికీ కనబడలేదు. రెండో నిమిషంలో దగ్గులు మొదలయ్యాయి, ఆ తరువాత ఒక పిల్లవాడు “అమ్మా, ఆవిడ ఎవరితో మాట్లాడుతోంది?” అని గట్టిగా అడిగాడు. పక్క తెర చాటున నిలబడిన నాకు ఆ ప్రశ్న ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. మరుసటి ప్రదర్శనకు స్వగతం తీసేసి సూత్రధారుణ్ణి పెట్టాను. అది ఇంకా అన్యాయం. కథకుడు పంచె కట్టుకుని వేదిక ఎక్కాడు, అంతే.

దారి మూలంలోనే ఉందని చాలాకాలానికి గాని తెలియలేదు. ఆ చిల్లర పచారీ కొట్టువాడితో, కూరగాయలవాడితో, మాంసం కొట్టువాడితో గీచి గీచి బేరమాడి మిగిల్చిందని రచయిత ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయాడు. ఆ వాక్యమే నీ మొదటి రంగం. కూరగాయలామెను గడప దగ్గరికి రప్పించు.

కూరగాయలామె: (తట్ట దించుతూ) వీశె రెండణాలమ్మా.
భార్య: అణాన్నర.
కూరగాయలామె: మొన్నా అర్ధణా తగ్గించారు. అయ్యగారి జీతం గాని తగ్గిందా ఏమిటి?
(భార్య జవాబు చెప్పదు. అణాన్నర ఇచ్చి, మిగిలిన అర్ధణాను పోపులడబ్బాలో వేస్తుంది. నాణెం చప్పుడు.)

జీతం తగ్గిన సంగతి ఎవరూ వివరించకుండానే హాలుకు చేరింది. నాణెం కనబడకపోయినా చప్పుడు చివరి వరుసదాకా వినబడుతుంది. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఒకరికొకరు చెప్పుకునేలా మాత్రం రాయకు. “మనకు పెళ్లయి రెండేళ్లయింది కదా” అన్న మాట నీ ప్రతిలో కనబడితే నేను పెన్సిలుతో కొట్టేస్తాను.

జుట్టు అమ్మే రంగం వేదికమీద వద్దు. నటి పొడుగాటి సవరం జడతో బయటికి వెళ్లి, సవరం తీసేసి, సొంత జుట్టు అణచి కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని తిరిగి రావాలి. ఆ రెండు నిమిషాలూ పక్కింటామెను వేదికమీద ఉంచు. ఆవిడ కథానాయిక భర్తను టైమెంతని అడిగితే, అతను గోడవైపు తిరిగి, గొలుసుకు బదులున్న తోలుపట్టీ కనబడకుండా జేబుగడియారం చూసుకోవాలి. ఆ గడియారం ఉందని మొదట్లోనే తెలియకపోతే చివర దాన్ని అమ్మేశానన్న మాటకు బలముండదు.

ఇక భర్త ఆమెను చూసే ఘట్టం. అది కోపం కాదు, ఆశ్చర్యం కాదు, అయిష్టమూ కాదు అని కథకుడు కాదుల జాబితా రాస్తాడు. ఏ నటుడూ ‘కాదు’ను నటించలేడు. రంగసూచనలో “వర్ణించరాని భావంతో” అని నేను రాస్తే, పాపం మా నటుడు కడుపునొప్పి వచ్చినవాడిలా నిలబడ్డాడు. చేయగల పనిని మాత్రమే రాయి: ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండా ఆగిపోతాడు, లాల్చీ జేబులోకి వెళ్లిన చేయి అక్కడే ఉండిపోతుంది. తరువాత అతను “తిరుపతి మొక్కా?” అని అడగాలి. ఇది మూలంలో లేదు, కాని మన ఇళ్లలో జుట్టు తీసిన ఆడదాన్ని చూస్తే ముందుగా వచ్చే ప్రశ్న అదే.

మీ కుర్రాళ్లలో కొందరు సంభాషణలను తమిళ లిపిలో రాసుకుంటారు కదా. అందులో గకు, కకు తేడా లేదు. “గడియారం” అన్న మాటను ముందే పలికించి చూడు.

మూలం చివర కథకుడు బాల ఏసుకు కానుకలు తెచ్చిన జ్ఞానుల గురించి ఒక పేరా చెబుతాడు. అది అచ్చులో బాగుంటుంది, వేదికమీద ఎవరి నోటా పెట్టకు. అంతకుముందే భర్త గడియారం అమ్మానని చెప్పి, ఇక వంట పొయ్యిమీద పెట్టమంటాడు. ఆమె కుంపటి విసురుతుండగా తెర దించెయ్యి.

మా నాన్నగారి జేబుగడియారం నా బీరువాలో ఉంది. నడవదు గాని నీకు నడవనక్కర్లేదు. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. తోలుపట్టీ చిరిగిందని మార్చకు, అది నీ నాటికకు కావాలి.

నీ
పెదనాన్న