ఇంటికెళ్లి చూసొచ్చాక ఫైలులో ఏం రాయాలి?

ప్రశ్న: నేను భూపాలపల్లి వైపు పాలియేటివ్ హోం కేర్ టీమ్‌లో స్టాఫ్ నర్సుని. రోజుకు నాలుగైదు ఇళ్లకు పోతాం. చూసిందంతా రెండేసి పేజీలు రాస్తున్నా. అయినా డాక్టర్ గారు ఫోన్ చేసి మళ్లీ అన్నీ అడుగుతారు. లక్షణాలు, మందులు, ఇంటివాళ్ల కోరికలు, తర్వాత చేయాల్సినవి అని విడగొట్టి రాయమన్నారు. ఏది ఎక్కడ, ఎంత రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: సిస్టర్, నాలుగు భాగాల్లో మందుల భాగాన్ని ముందు సరిచేసుకోండి. అక్కడ రాసింది తప్పితే మిగతా మూడు ఎంత బాగా రాసినా లాభం లేదు. నా చేతిలోనే జరిగిన పొరపాటు చెప్తాను.

పరకాల దగ్గర ఒక పల్లెలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న పెద్దామెకు నడుం నొప్పికి మార్ఫిన్ రాశాం. 10 మిల్లీగ్రాముల గోలీ నాలుగు గంటలకోసారి. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరుకు ఒక్కోటి, రాత్రి పదికి రెండు. నడిరాత్రి లేపకుండా ఉండటానికే ఆ రెండు. మొత్తం రోజుకు ఆరు, అంటే 60 మిల్లీగ్రాములు. పద్నాలుగు రోజులకు 84 గోలీలు ఇచ్చాం. పది రోజులు గడిచాక వెళ్లిన నర్సు నోట్‌లో ఉన్నది ఇంతే: 'నొప్పి తగ్గలేదు. మార్ఫిన్ 10, నాలుగు గంటలకోసారి, కొనసాగుతోంది.' అది ఫోన్‌లో విని నేను ఒక్కో డోసును గోలీన్నర చేశాను. రాత్రికి మూడు.

ఆ ఇంట్లో కోడలు రోజుకు మూడు గోలీలే ఇస్తోందని మాకు తెలియదు. మత్తుకు అలవాటు పడుతుందని భయం, పైగా ఐదు రోజులుగా మోషన్ లేదు. డోసు పెంచిన రోజే సిరిసిల్ల నుంచి బిడ్డ వచ్చింది. డాక్టర్ చెప్పినట్టే ఇవ్వాలని పట్టుబట్టి రోజుకు తొమ్మిదీ ఇచ్చింది. 30 మిల్లీగ్రాములు పడుతున్న ఒంటికి ఒక్కసారిగా 90. రెండో రోజుకు ఆమె లేపితే లేచేది, మాట మధ్యలోనే మళ్లీ తూగేది. వెళ్లి రెండు డోసులు ఆపి, పక్కనే ఉండి చూసుకున్నాం. తేరుకుంది. కానీ తప్పు నాది. గోలీలు ఎన్ని మిగిలాయని నేను అడగలేదు.

ఆ రోజు నర్సు స్ట్రిప్పులు లెక్కపెట్టి ఉంటే విషయం అక్కడే తేలేది. పది రోజులకు 60 అయిపోయి 24 మిగలాలి. ఉన్నవి 54. అందుకే మందుల దగ్గర రెండు మాటలు పక్కపక్కన రాయండి: మనం రాసినది, నిజంగా మింగింది. తేడా ఉంటే కారణం కూడా ఇంటివాళ్ల మాటల్లోనే రాయండి. 'మత్తని భయపడి కోడలు రోజుకు మూడే ఇస్తోంది' అన్న వాక్యం చూస్తే ఏ డాక్టరూ డోసు పెంచడు. ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా ఇక్కడే రావాలి. నిద్ర గోలీ పేరు చెప్పరు, కవర్ చూపించమనండి.

లక్షణాల్లో 'నొప్పి ఎక్కువ' అని రాస్తే పోయినసారికంటే తగ్గిందో పెరిగిందో చదివేవాళ్లకు తెలియదు. సున్నా నుంచి పది వరకు ఎంత అంటే మన ఊళ్లలో ముసలివాళ్లు నవ్వుతారు. నేను రూపాయిలో ఎంత అని అడుగుతాను. ఆ పెద్దామె 'బారాణా' అంది. అదే రాయండి, పక్కన ఏడూ ఎనిమిదీ మధ్య అని వేయండి. వచ్చేసారి కూడా అణాల్లోనే అడగండి, కొలత మారిస్తే పోల్చలేం. ఎక్కడ, ఏ వేళలో, కదిలితేనా పడుకున్నా ఉందా అన్నది ఒక వాక్యం చాలు.

నొప్పి ఎంత ముఖ్యమో మోషన్ అంత ముఖ్యం. మార్ఫిన్ తీసుకునేవాళ్లలో దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది, వాంతిలా కొన్నాళ్లకు సర్దుకుపోదు. అందుకే మొదటి రోజు నుంచే రాత్రిపూట విరేచనాల గోలీ జత చేస్తాం. చివరిగా మోషన్ ఎప్పుడైందో తేదీ వేయండి. 'నీళ్ల విరేచనాలు' అంటే తొందరపడి ఆగే మందు ఇవ్వకండి. లోపల గట్టిపడి అడ్డుపడ్డ మలం పక్కనుంచి నీరు జారుతుండొచ్చు, దాన్ని డాక్టర్ చూడాలి. ఈ క్యాన్సర్‌లో మూత్రం తగ్గిందా అని కూడా తప్పక అడగండి. మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీ దెబ్బతింటే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, పాత డోసే ఎక్కువవుతుంది. మగత, చేతులు ఉలిక్కిపడుతున్నట్టు అదరడం కనిపిస్తే అక్కడి నుంచే ఫోన్ చేయండి, సాయంత్రం నోట్ దాకా ఆగొద్దు.

ఇంటివాళ్ల కోరికల దగ్గర చాలామంది 'ఫ్యామిలీ సహకరిస్తోంది' అని రాసి వదిలేస్తారు. దానివల్ల ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఎవరు ఏమన్నారో పేషెంటుది వేరుగా, ఇంటివాళ్లది వేరుగా రాయండి. ఈ కేసులో రెండూ కలవలేదు. ఆమె అన్నది: 'నన్ను దవఖానకు తీస్కపోకుండ్రి, ఈ మంచంలనే ఉంట.' దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో అన్నది: 'ఎట్లయితే అట్ల ఎంజీఎంకు తీస్కపొండ్రి, అమ్మకు రోగం సంగతి చెప్పకండ్రి.' కోడలు మధ్యలో నలిగిపోతోంది. మీరు తీర్పు చెప్పక్కర్లేదు. తేదీతో సహా ఆ మాటలు రాసి, ఆమెకు తన జబ్బు గురించి ఎంత తెలుసో ఒక వాక్యం చేర్చండి. 'ఇంక నాకెన్ని దినాలు?' అని ఆమే అడిగి ఉంటే అది తప్పక రావాలి. కొడుకుతో ఎలా మాట్లాడాలో నేను ఆ వాక్యం చూసే తేల్చుకుంటాను. ఇవి వారానికోసారి మారుతుంటాయి కాబట్టి పాత మాట కొట్టేయకుండా కింద కొత్తది రాయండి.

ఇక చేయాల్సినవి. 'ఫాలో అప్' అనేది పని కాదు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా అని ఉండాలి. ఆ పెద్దామె నోట్ ఇలా ఉండాల్సింది: 'డాక్టర్ ఈ రోజే: మోషన్ సంగతి తేల్చేదాకా డోసు పెంచొద్దని మాట. నర్సు రేపు: ఎనిమా అవసరమా చూడటం, కోడలికి గోలీల వేళలు బొమ్మలతో రాసివ్వడం. ఆశా కార్యకర్త శుక్రవారం: మిగిలిన గోలీల లెక్క ఫోన్‌లో చెప్పడం. డాక్టర్ ఆదివారం: కొడుకుతో కాల్. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఒక గోలీ, వేళ గోడ క్యాలెండర్ మీద రాయాలి. రోజులో మూడుసార్లు మించితే టీమ్‌కు ఫోన్.' అదనపు డోసు ఎంతో, ఎన్నిసార్లో డాక్టరే చెప్పాలి, మీరు అది నోట్‌లోకి ఎక్కిస్తే చాలు. ఇదంతా ఒక్క పేజీలో పడుతుంది.

ఇంటి దగ్గర వదిలే కాపీలో మాత్రం గోలీల వేళలు, ఫోన్ నంబర్లు, ఎప్పుడు పిలవాలో అంతే ఉంచండి. కోరికల పేజీ టీమ్ ఫైల్‌లోనే ఉండాలి. ఒక ఇంట్లో తలాపున పెట్టిన మా ఫైలును మనవడు పేషెంటుకు పైకి చదివి వినిపించాడు, 'కొడుకు చెప్పొద్దన్నాడు' అన్న వాక్యంతో సహా.