కల్లాల ప్రపోజల్‌లో వాన రిస్కు ఎట్లా రాయాలి

"అన్నా, మా మిర్చి రైతుల సంఘానికి సిమెంటు కల్లాల కోసం ప్రపోజల్ పెట్టినం. 'అకాల వర్షమొస్తే సర్వనాశనమే' అని రాస్తే, ప్రపోజల్ చూసినోళ్లు భయపెడుతున్నారన్నారు. 'వాన సమస్య పెద్దగా లేదు' అని మారిస్తే నమ్మలేదు. ఎట్లా రాయాలి?"

తమ్మీ, రెండు వాక్యాల్లోనూ లెక్క లేదు, అదే చిక్కు. ముందు మీ సంఘం రిజిస్టర్ తీయి. గత 5 సీజన్లలో ఆరబోసిన కాయ ఎన్నిసార్లు తడిసిందో చూడు. రెండుసార్లు అనుకుందాం. అప్పుడు 'ఎక్కువ', 'తక్కువ' అనకుండా ఇట్లా రాయి:

"ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కాయ ఆరే రోజుల్లో, గత 5 సీజన్లలో 2 సార్లు వాన పడింది. పడితే ఆ రోజు కల్లంలో ఉన్న 40 క్వింటాళ్లకే ముప్పు. గోదాములోని సరుకుకు కాదు."

ఈ చివరి మాటే 'సర్వనాశనం' అనే భయాన్ని తీసేస్తుంది. తడిసిన కాయ రంగు పోయి తాలు కింద పోతుంది కాబట్టి, నష్టాన్ని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మంచి కాయకూ తాలుకూ ఉన్న ధర తేడాతో లెక్కగట్టు.

నివారణ దగ్గర 'తగిన చర్యలు తీసుకుంటాం' అని మాత్రం రాయకు, అది చదివి ఎవరూ ఏమీ తెలుసుకోరు. వాతావరణ శాఖ ఎల్లో అలర్ట్ ఇచ్చిన సాయంత్రమే కల్లం బాధ్యుడు కాయను కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతాడని రాయి. టార్పాలిన్ల ఖర్చు బడ్జెట్‌లోనూ కనబడాలి, లేకుంటే ఆ మాట ఉత్తదే.

కప్పినా మిగిలే నష్టం కూడా ఒప్పుకో: రెండు మూడు రోజులు ముసురు పట్టితే కుప్పలో ఆవిరి పట్టి కొంత కాయకు బూజు వస్తుంది.