ఇద్దరా, అంతకన్నా ఎక్కువమందా: అరబ్బీ కథను తెలుగు చేస్తున్న తమ్ముడికి

తమ్మీ,

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన కథను మూలం పక్కన పెట్టుకుని చదివాను. మూడో పేజీలో ఆగిపోయాను. హెడ్మాస్టరు గేటు దాకా వచ్చి "కొత్త టీచర్లను" లోపలికి తీసుకుపోయాడని రాశావు. నాలుగు వాక్యాలు దాటగానే "ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన తల దించుకున్నాడు" అని ఉంది. మరి మిగతా టీచర్లు ఏమయ్యారు? చదివేవాడు వెనక్కి పోయి వెతుక్కుంటాడు, అక్కడా దొరకరు, ఎందుకంటే కథలో మొదటి నుంచీ ఉన్నది ఇద్దరే.

నీకు ద్వివచనం తెలియదని కాదు. బళ్లో రామః, రామౌ, రామాః అని సంస్కృతం వల్లె వేసిన ఎవరికైనా ఈ సంగతి కొత్త కాదు, అరబ్బీలోనూ ఒకటికి ఒక రూపం, రెండుకు ఒక రూపం, మూడు నుంచి ఇంకొక రూపం. ఇబ్బంది వచ్చేది అచ్చయిన పేజీలో. కర్తగా వచ్చినప్పుడు ఇద్దరు టీచర్లు "ముఅల్లిమాని", చాలామంది అయితే "ముఅల్లిమూన", రాతలో కూడా తేడా కనిపిస్తుంది. కర్మగానో, "ఫీ", "మిన్" లాంటి విభక్తి మాటల తర్వాతో వస్తే ఇద్దరు "ముఅల్లిమైని", చాలామంది "ముఅల్లిమీన". పలికితే వేరు, రాస్తే రెండూ ఒక్కటే: చివర యా, నూన్. కథల పుస్తకాల్లో జబర్, జేర్ లాంటి స్వరాల గుర్తులు వెయ్యరు కాబట్టి నీ కంటికి రెండూ ఒకే మాటగా కనిపించాయి, నువ్వు అలవాటైన బహువచనం చదువుకుని ముందుకు పోయావు.

అట్లాంటి చోట నామవాచకాన్ని ఎంతసేపు చూసినా లాభం లేదు, దాని వెనకాల వచ్చే విశేషణాన్ని చూడు. నీ వాక్యం "ఇస్తఖ్‌బలల్ ముదీరు ముఅల్లిమైని జదీదైని". "కొత్త" అనే మాట చివర కూడా యా, నూన్ ఉన్నాయి. టీచర్లు చాలామంది అయితే అక్కడ "జుదుద్" అని ఉండాలి, ఎందుకంటే జదీద్‌కు వాడే బహువచనం చివర ప్రత్యయం తగిలించి చేసేది కాదు, మాటను లోపల విరిచి చేసేది. అంటే అక్కడ "జదీదైన్" కనిపించిందంటే ఇద్దరే, అనుమానం లేదు. విశేషణం లేకపోతే తర్వాతి క్రియ చూడు. కూర్చున్నది ఇద్దరైతే "జలసా", చివర ఒక్క అలిఫ్. చాలామందైతే "జలసూ", చివర వావ్, అలిఫ్. సర్వనామం ఇద్దరికైతే "హుమా", చాలామందికైతే "హుమ్". "ఎవరైతే" అనే అర్థమిచ్చే మాటలో కూడా పుంలింగ బహువచనానికి ఒక లామ్, ద్వివచనానికి రెండు లామ్‌లు రాస్తారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో: కర్తకు ముందు వచ్చిన క్రియను నమ్ముకోకు. అది ఇద్దరికైనా పదిమందికైనా ఏకవచనంలోనే ఉంటుంది.

ఇదే తిప్పలు రెండో వైపు నుంచి కూడా వస్తాయి. చివర అలిఫ్, నూన్ కనిపించగానే ద్వివచనం అనుకోవద్దు. "బలద్" అంటే దేశం, రెండు దేశాలు "బలదాని", చాలా దేశాలు "బుల్దాన్". గుర్తులు లేకుండా రాస్తే ఈ రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. మళ్లీ విశేషణమే దిక్కు: రెండు అరబ్బు దేశాలైతే "అరబియ్యాని", చాలా దేశాలైతే "అరబియ్య", అంటే స్త్రీలింగ ఏకవచనం. మనుషులు కాని వాటి బహువచనాన్ని అరబ్బీ ఒక ఆడమనిషిలా చూస్తుంది. ఇది నీ ఎనిమిదో పేజీకి సంబంధించిన సంగతి. బల్ల మీద "కుతుబ్" ఉన్నాయి, తర్వాతి వాక్యంలో "అఖజహా" అని ఉంటే నువ్వు "దాన్ని తీసుకున్నాడు" అన్నావు. పుస్తకాలు కాబట్టి "వాటిని" కావాలి. మన తెలుగులో "ఆమె వచ్చింది, బస్సు వచ్చింది" అని ఆడమనిషికీ వస్తువుకూ ఒకే క్రియ ఉండడంతో, స్త్రీలింగ ఏకవచన సర్వనామం "హా" చూడగానే "అది, దాన్ని" అని మన చెవికి సహజంగానే తోస్తుంది. అందుకే మళ్లీ చదివినా దొరకదు. "హా" వచ్చినప్పుడల్లా అది వెనక్కి ఏ మాటను చూపిస్తుందో వేలు పెట్టి చూడు.

ఇద్దరే అని తేలాక తెలుగులో ఏం చేస్తావన్నది అసలు పని. ప్రతి ద్వివచనానికీ "ఇద్దరు" అతికిస్తే పేజీ నిండా ఇద్దరు, ఇద్దరూ, ఇద్దరి అని మోగుతుంది. అరబ్బీలో ఆ రెండు అనేది మాట చివర కలిసిపోయి ఉంటుంది, ఎవరికీ గుచ్చుకోదు. రచయితకు నిజంగా నొక్కి చెప్పాలనిపిస్తే "ఇస్నాని" అని రెండును వేరుగా కూడా పెడతాడు. ఆ నొక్కు లేనిచోట మనం ప్రతిసారీ చెప్తే, వాడు మామూలుగా అన్నదాన్ని మనం గట్టిగా అరిచినట్టు అవుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. వాళ్లు కథలోకి వచ్చే మొదటి వాక్యంలో "ఇద్దరు కొత్త టీచర్లు" అని పొట్టి ఉకారంతో పెడతాను. "ఇద్దరూ" అని దీర్ఘం తీస్తే, ముందే తెలిసినవాళ్లు ఎవరో ఇద్దరు కలిసి వచ్చినట్టు వినిపిస్తుంది, కాబట్టి దాన్ని తర్వాతి వాక్యాలకు దాచుకుంటాను. ఆ తర్వాత "వాళ్లు" చాలు. "ఇంకొకాయన" కూడా తీసెయ్, "రెండో ఆయన" అను. ఇంకొకాయన అంటే గుంపులోంచి మరొకరు, రెండో ఆయన అంటే లెక్క అక్కడితో ఆగిపోయింది. "ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు" లాంటి మాట దొరికితే ఇంకా మేలు, ఇద్దరే అని చెప్పకుండానే చెప్తుంది.

గౌరవం దగ్గర మాత్రం జాగ్రత్త. "టీచర్ వచ్చారు" అంటే ఒక్కరైనా కావచ్చు, కర్త కనిపించకుండా "లోపలికి వచ్చారు, కూర్చున్నారు" అని నాలుగు వాక్యాలు రాస్తే ఇద్దరు కాస్తా ఒక పెద్దమనిషి అయిపోతారు. మన దిక్కు మాటల్లో ఈ బాధ తక్కువ, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు "సార్ వచ్చిండు", "సార్లు వచ్చిండ్రు" అనే అంటాం, కాబట్టి పిల్లల సంభాషణలు నల్లగొండ, పాలమూరు మాటలో పెడితే లెక్క దానంతటదే తెలుస్తుంది. కథనం మామూలు భాషలో ఉన్నచోట కర్తను మధ్యమధ్యలో గుర్తు చెయ్యి. పాత అరబ్బీ పద్యాల్లో కవి దారిలో ఇద్దరు తోటివాళ్లను పిలిచి "ఖిఫా" అని ఆపడం ఒక ఆనవాయితీ. దాన్ని ఎవరైనా "ఆగండి" అని తెలుగు చేస్తే, బస్టాండులో ఎవరో పెద్దాయన్ని ఆపినట్టుంటుంది. "ఆగండి, మీరిద్దరూ" అనాల్సిందే.

పుట్టుకతోనే జంటగా ఉండేవాటికి లెక్క అక్కర్లేదు. "అయినాహు" అంటే అతని రెండు కళ్లు, "కళ్లు" అంటే సరిపోతుంది. రెండు కళ్లు అని రాస్తే మూడోది ఎక్కడుందా అని వెతుకుతారు. పొలం దున్నే సీన్‌లో "సౌరాని"ని రెండు ఎద్దులు అన్నావు. నాగలికి కట్టినవి కదా, "కాడెడ్లు" అను, రెండనేది ఆ మాటలోనే ఉంది. "అబవాని" అంటే అక్షరాలా ఇద్దరు తండ్రులు, అర్థం తల్లీతండ్రీ. సంస్కృతంలో "పితరౌ" కూడా అంతే. ఇక మాటల అరబ్బీలో, ముఖ్యంగా ఈజిప్టు వాళ్ల సంభాషణల్లో, "కిల్మితేన్" కనిపిస్తే సంతోషించు. రెండు మాటలు అని అర్థం, కానీ వాళ్లు కచ్చితంగా రెండు లెక్కపెట్టి అనరు. మనమూ "నీతో రెండు మాటలు మాట్లాడాలి" అంటాం కదా, అది మూడు గంటలు నడిచినా రెండు మాటలే. అక్కడ "కొన్ని మాటలు" అని సరిదిద్దకు.

విరిగిన బహువచనాల సంగతికి వస్తే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే నీకు అవి చాలానే తెలుసు, చిక్కు కూడా అక్కడే. ఆ బహువచనాలు మన దాకా వచ్చేసరికి ఏకవచనాలైపోయాయి. ఆఫీసులో నాయబ్ తహసీల్దార్ ఉన్నాడే, ఆ "నాయబ్"కు అరబ్బీ బహువచనమే "నువ్వాబ్", దాన్ని గౌరవంగా ఒక్క మనిషికి వాడుకుంటే నవాబు అయింది. "రుసుము" కూడా "రస్మ్"కు బహువచనమే, మనం దానికి మళ్లీ "లు" తగిలించి రుసుములు కడుతున్నాం. తెలుగులో అది తప్పేం కాదు, కలిసిపోయిన మాట. కానీ మూలంలో "అఖ్బార్" చూసి నువ్వు "పేపర్" అన్నావు, అది ఉర్దూ చెవి చేసిన పని. అరబ్బీలో అది "ఖబర్"కు బహువచనం, ముసలాయన అరుగు మీద కూర్చుని అడుగుతున్నది ఊరి కబుర్లు.

ఇంకా పెద్ద ప్రమాదం, ఒకే మాటకు రెండు బహువచనాలు ఉండి ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉండడం. "బైత్" అంటే ఇల్లు, పద్యంలో పాదాల జోడీ కూడా బైతే. "బుయూత్" అంటే ఇళ్లు, "అబ్యాత్" అంటే మామూలుగా పద్యాలు. "ఆమిల్" బహువచనం "ఉమ్మాల్" అయితే పనివాళ్లు, "అవామిల్" అయితే కారణాలు. ఏకవచనం తెలుసు కదా అని "లు" చేర్చుకుంటూ పోతే, ఊరి వెనకబాటుకు పనివాళ్లే కారణమని రాసేస్తావు. విరిగిన బహువచనం కనిపించిన ప్రతిసారీ ధాతువు అక్షరాలు తీసి నిఘంటువులో ఆ ఏకవచనం దగ్గరికి పో, పక్కన ఇచ్చిన బహువచనాల్లో నీ ముందున్నది ఏ అర్థం కింద ఉందో చూడు. మూడు నుంచి పది దాకా ఒక రకం బహువచనం, అంతకు మించితే ఇంకో రకం అని వ్యాకరణంలో చదివి ఉంటావు. ఈ కాలం కథల్లో ఆ తేడాను అంతగా పట్టించుకోరు, దాన్ని నమ్ముకుని తెలుగులో "కొన్ని", "చాలా" అని చేర్చకు.

పదకొండో పేజీ మళ్లీ చెయ్యి. టీచర్లిద్దరూ మాట్లాడుకుంటుంటే ప్యూన్ టీ తెచ్చి కూర్చుంటాడు, అక్కడి నుంచి అరబ్బీలో "హుమా" పోయి "హుమ్" వస్తుంది. నీ తెలుగులో ముందూ వెనకా "వాళ్లు" ఒక్కటే ఉంది, ప్యూన్ మాటల్లో కలిశాడో లేదో తెలియడం లేదు. ఆయన కూర్చున్నాక "ముగ్గురూ" అని ఒక్కసారి వేస్తే చాలు. కానీ బెల్ కొట్టడానికి ఆయన లేచిపోయాక మూలంలో "హుమా" తిరిగొస్తుంది చూడు, చివరి గొడవ అంతా ఆ ఇద్దరి మధ్యే. అక్కడ కూడా "ఇద్దరు" అనేది తెలుగులో ఎక్కడో ఒకచోట కనిపించాలి. ఆ పేజీ చేసి పంపు, పన్నెండు నుంచి తర్వాత చూద్దాం.